లిస్టులో లేని స్టేషన్

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదులన్నీ రాస్తే చదివేవాళ్ళు ఆయన పక్షం చేరిపోతారు. అందుకని ఒక్కటే రాస్తాను. ఆయన పెళ్ళి శుభలేఖల్ని ఎర్ర పెన్నుతో దిద్దుతారు.

ముప్పై మూడేళ్ళు సోషల్ మాస్టారుగా పనిచేసి రిటైరైన మనిషి. పేరు బసవేశ్వరరావు. రెండువేల ఇరవై రెండు ఏప్రిల్ నాలుగున రాష్ట్రంలో పదమూడు జిల్లాలు ఇరవై ఆరయ్యాయి. మిగతా జనమంతా ఆ వార్త చదివి పేపరు మడిచేశారు. ఈయన మాత్రం ఇంకా మడవలేదు. ఎవరైనా శుభలేఖ ఇచ్చి బొట్టుపెట్టి గుమ్మం దిగారో లేదో, ముహూర్తం చూడరు, భోజనాలు ఎన్నింటికో చూడరు. వరుడి తండ్రి ఊరు చూస్తారు. 'భట్టిప్రోలు, గుంటూరు జిల్లా' అని కనపడితే చాలు, గుంటూరు కొట్టేసి బాపట్ల అని రాసి, పక్కన సగం మార్కు తీసేస్తారు.

ఫ్రిజ్ తలుపు మీద ఆయన స్వహస్తాలతో గీసిన పటం ఉంటుంది. పాల గిన్నె కోసం తలుపు తీసినప్పుడల్లా బాపట్ల జిల్లా మొత్తం నా మీదికి వస్తుంది.

"వేమూరు?" అంటారు నేను వంకాయలు తరుగుతుంటే.

"బాపట్ల జిల్లా."

"రెవెన్యూ డివిజన్?"

"పచ్చడిలో ఉప్పు సరిపోయిందేమో చూడండి."

"రేపల్లె. పాత లెక్కలో తెనాలి. చుండూరు, అమృతలూరు, కొల్లూరు కూడా అంతే. మన తెనాలి మటుకు గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. ఉప్పు తక్కువైంది."

నేనూ బీఏ చదివాను. అదీ హిస్టరీతో. ఇంట్లో ఒక మనిషికి అన్నీ తెలిసినప్పుడు రెండో మనిషికి ఏమీ తెలుసుకోబుద్ధి కాదు. ఈ కథంతా ఆ జబ్బు గురించే.

మా పిన్ని లక్ష్మీతిరుపతమ్మ అమృతలూరులో ఉంటుంది. మా అమ్మకి స్వయానా చెల్లెలు. బాబాయి పోయి పద్నాలుగేళ్ళయింది, పిల్లల్లేరు. రెండెకరాల మాగాణి తనే దగ్గరుండి చేయించుకుంటుంది. నా డిగ్రీ మూడేళ్ళూ పిన్ని ఇంట్లో ఉండే చదివాను. పొద్దున్నే టిఫిన్ డబ్బా చేతికిచ్చి తెనాలి బస్సు ఎక్కించేది. డాక్టరైనా తెనాలే, చీరలైనా తెనాలే, తాలూకా ఆఫీసైనా తెనాలే. అమృతలూరు తెనాలిది కాదని ఎవరైనా అంటే నా చిన్నప్పటి బస్సుని ఎవరో దారి మళ్ళించినట్టు ఉంటుంది నాకు.

ఈ ఏడాది పిన్నికి అరవై తొమ్మిది. వచ్చే మాఘమాసానికి డెబ్భై నిండుతాయి. ఆ లెక్క ముఖ్యం. తెనాలిలో వెంకటప్పయ్యగారని యాత్రలు తిప్పే ఆయన ఉన్నారు. జూన్‌లో నేపాల్ మీదుగా కైలాస మానస సరోవరానికి ఒక జట్టుని తీసుకెళ్తున్నానని కబురు చేశారు. డెబ్భై నిండినవాళ్ళని మాత్రం ఆయన తీసుకెళ్ళరు.

"పైన గాలే ఉండదమ్మా. మీకేమన్నా అయితే కిందికి దించేదెవరు? అరవై తొమ్మిది అంటున్నారు కాబట్టి సరే. ఇదే ఆఖరు అనుకోండి" అన్నారు పిన్నితో. "ఏప్రిల్ ముప్పయ్యో తారీకుకి పాస్‌పోర్టు నా చేతిలో ఉండాలి. చైనావాళ్ళు అందరికీ కలిపి ఒకే వీసా ఇస్తారు. పుస్తకాలన్నీ ఒక్కసారే ఢిల్లీ పంపాలి. తర్వాత తెస్తే చేర్చడం నా వల్ల కాదు."

పిన్ని ఆ మర్నాటి నుంచే కాలవ కట్ట మీద నడక మొదలుపెట్టింది. పొద్దున రెండు గంటలు, సాయంత్రం ఒక గంట. ఉన్ని టోపీ ఒకటి కొనుక్కుని, అలవాటవుతుందని అది పెట్టుకునే నడిచేది.

"ఏంటి లక్ష్మీతిరుపతమ్మొదినా, కాలవ మీద మంచు పడుతోందా?" అని ఎదురింటి గంగాభవాని అరిచేది.

"పడుతోందే. నువ్వు లేచేసరికి కరిగిపోతోంది" అనేది పిన్ని.

బాబాయి ఫొటో ఒకటి తడవకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టుకుంది. సరోవరం దగ్గర దాన్ని ఏం చేస్తుందో నాకు చెప్పలేదు. నేను అడగలేదు.

పాస్‌పోర్టు ఫారం నింపే పని నాది. నేను కదా చదువుకున్నదాన్ని. మార్చి మొదటి వారంలో పిన్ని తెనాలి వచ్చింది. ఇద్దరం నెట్ సెంటరుకి బయల్దేరుతుంటే మా ఆయన గుమ్మం దాకా వచ్చారు.

"మల్లేశ్వరీ, జిల్లా దగ్గర బాపట్ల పెట్టించు. అత్తయ్యగారి ఆధార్ పాతది, అందులో గుంటూరని ఉంటుంది. అది చూసి పొరపాటు పడొద్దు" అన్నారు.

"అలాగేనండి" అన్నాను. ఆ 'అలాగేనండి' ఎలాంటిదో పెళ్ళయిన ఆడవాళ్ళందరికీ తెలుసు.

ఆయన ఆ మాట అనకపోయి ఉంటే బహుశా నేనే ఆలోచించుకుని సరిగ్గా పెట్టించేదాన్నేమో. ఇది సాకని నాకూ తెలుసు. అయినా రాసి పెడుతున్నాను.

నెట్ సెంటరు రమేష్ బాబు చకచకా కొడుతూ చిరునామా దగ్గర ఆగాడు. "మేడం, అమృతలూరు అంటే ఇప్పుడు బాపట్ల జిల్లా కదండీ?"

"ఆధార్‌లో ఏముంది?"

"గుంటూరనే ఉందండి. కానీ ఆధార్ జిల్లాలు విడిపోకముందుది కదా."

"ఫారంలో ఒకటి, ఆధార్‌లో ఒకటి ఉంటే అక్కడ పట్టుకోరూ? రెండూ కలవాలి. గుంటూరు పెట్టు."

కుర్చీలో కూర్చున్న పిన్ని మెల్లగా అంది. "మల్లీ, పొలం కాగితాల పని మీద నేను పోయినేడు రేపల్లె ఆర్డీవో ఆఫీసుకే తిరిగానే. తెనాలి వెళ్తే మీది ఇక్కడ కాదమ్మా, రేపల్లె వెళ్ళండి అన్నారు. కలెక్టరు గారైతే బాపట్లంట. మరి ఇందులో..."

"అది పొలం, పిన్నీ. ఇది పాస్‌పోర్టు. ఇది ఢిల్లీ వాళ్ళది."

పిన్ని ఊరుకుంది. చదువుకున్నదాన్ని కదా అని ఊరుకుంది. ఆ చదువుకి డబ్బా కట్టింది తనే.

గుంటూరు జిల్లా అని నొక్కగానే కింద పోలీసు స్టేషన్ల లిస్టు తెరుచుకుంది. అందులో అమృతలూరు లేదు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాం. లేదు. ఆ స్టేషన్ పిన్ని ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉంది. అక్కడి గంట పిన్ని వంటింట్లోకి వినపడుతుంది.

ఏ జిల్లా కింద నొక్కితే ఆ జిల్లా స్టేషన్లే వస్తాయి కదా, మన ఊరి స్టేషన్ రాలేదంటే జిల్లా తప్పు పెట్టామేమో అని అక్కడ ఒక్క క్షణం ఆగినా సరిపోయేది. బడికెళ్ళే పిల్లలకైనా తట్టే విషయం. నాకేమనిపించిందో తెలుసా? ఈ లిస్టు చేసినవాళ్ళకి అమృతలూరు అంటే తెలియదు, పాపం అనిపించింది.

"తెనాలిలో ఏదో ఒక స్టేషన్ పెట్టేయి. దగ్గరేగా" అన్నాను.

రమేష్ బాబు నా మొహం చూశాడు. పిన్ని మొహం చూశాడు. పెట్టేశాడు. ఫోన్ నంబరు దగ్గర నాది ఇచ్చాను. పిన్నికి మెసేజీలు చదవడం రాదు కదా.

మార్చి మధ్యలో ఇద్దరం విజయవాడ పాస్‌పోర్టు కేంద్రానికి వెళ్ళొచ్చాం. ఫారం, ఆధార్ రెండూ ఒకే మాట చెప్పాయి కనుక కౌంటర్లో ఎవరూ ఏమీ అనలేదు. బస్సులో తిరిగి వస్తూ మా ఆయన పటం గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను. ఆ నవ్వు వారం రోజులు నిలిచింది.

తెనాలి స్టేషన్ నుంచి ఒక కానిస్టేబుల్ ఫోన్ చేసినప్పుడు నేను మినప్పప్పు కడుగుతున్నాను.

"లక్ష్మీతిరుపతమ్మ గారేనాండి?"

"వాళ్ళమ్మాయిని. చెప్పండి."

"అమ్మా, పాస్‌పోర్టు వెరిఫికేషన్ మాకొచ్చింది. కానీ అమృతలూరు మా పరిధి కాదండి. అక్కడ వేరే స్టేషన్ ఉంది, అది బాపట్ల జిల్లా పోలీసు కిందికి వస్తుంది. మేం అక్కడికెళ్ళి విచారించడానికి లేదు. మా పరిధిలో లేదని రాసి వెనక్కి పంపుతున్నాను. మీరు వెంటనే పాస్‌పోర్టు ఆఫీసుకెళ్ళి జిల్లా, స్టేషన్ మార్పించుకోండి. అప్పుడు మళ్ళీ బాపట్లకి పంపుతారు."

"దగ్గరే కదండీ. మీరే చేసేస్తే..."

"అమ్మా, నేను మీ వీధిలో ఉన్నా చెయ్యకూడదండి. ఆలస్యం చెయ్యకండి" అన్నాడు మర్యాదగా. అతనిలో వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. అదొక బాధ.

అప్పటికి మార్చి ఇరవై మూడు. ఆ రోజే బస్సెక్కితే ఏప్రిల్ ముప్పైకి బోలెడు టైముంది. ఎక్కడానికి ఒకటే అడ్డం. పిన్నిని తీసుకెళ్ళాలంటే ఇంట్లో చెప్పాలి. చెబితే మా ఆయన ఏమంటారో నాకు అక్షరం పొల్లుపోకుండా తెలుసు. ఏమీ అనరు. ఫ్రిజ్ దాకా నడిచి, పటం ముందు నిలబడి, కళ్ళజోడు తుడుచుకుంటారు.

ఆ కళ్ళజోడు తుడవడం చూడలేక పంతొమ్మిది రోజులు ఊరుకున్నాను.

రోజూ ఒక నమ్మకం పెట్టుకున్నాను. వాళ్ళలో వాళ్ళు సర్దుకుంటారు, గుంటూరు నుంచి బాపట్లకి వాళ్ళే పంపుకుంటారు, గవర్నమెంటు గవర్నమెంటే కదా అని. మధ్యలో పిన్ని ఫోన్ చేసేది. "ఏమైందే మల్లీ? నీకేమన్నా కబురొచ్చిందా?"

"పోలీసు వెరిఫికేషన్ ఆలస్యం అవుతోంది పిన్నీ" అనేదాన్ని.

ఒక్క అక్షరం అబద్ధం లేదు ఆ మాటలో. అందుకే అంత ధైర్యంగా చెప్పాను.

ఏప్రిల్ పదో తేదీన ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. పోలీసు రిపోర్టు సరిగా లేదు, ఆఫీసుకి వచ్చి కనపడమని. ఇక ఆగడానికి లేకపోయింది. "ఏదో సంతకం కావాలంట" అని చెప్పి పిన్నిని మళ్ళీ విజయవాడ తీసుకెళ్ళాను. మా ఆయనతో కూడా అదే సంతకం మాట చెప్పాను.

ఆఫీసులో అధికారి కళ్ళు పైకెత్తకుండానే చదివాడు. "ఆధార్‌లో పాత జిల్లా ఉంటే ఉండనీయండమ్మా. ఊరదే, పిన్‌కోడ్ అదే. ఫారంలో మాత్రం ఇప్పటి జిల్లా, ఇప్పటి స్టేషన్ ఉండాలి. విచారణకి వచ్చేది ఇప్పటి పోలీసులు కదా. వీలు చూసుకుని ఆధార్ కూడా మార్పించుకోండి." అప్పుడు తలెత్తి, "ఇది నింపిందెవరు?" అన్నాడు.

నా పక్కన పిన్ని ఉంది. చేతిలో సంచీ, సంచీలో ఉన్ని టోపీ.

"నెట్ సెంటరు వాళ్ళండి" అన్నాను.

పిన్ని నా వైపు తిరిగింది. రమేష్ బాబు అడగడం తను విన్నది. తను అడగడం కూడా తనకి గుర్తుంటుంది. బయటికొచ్చాక చెరుకురసం తాగుదామా అని మాత్రం అడిగింది. ఆ గ్లాసు పూర్తి చేయడానికి నాకు చాలాసేపు పట్టింది.

జిల్లా మారింది, స్టేషన్ మారింది, ఫైలు బాపట్లకి వెళ్ళాలి. వారం చూశాను. తర్వాత ఒక పొద్దున, పొన్నూరు గుడికని మా ఆయనకి చెప్పి, రైలెక్కి పొన్నూరు దాటిపోయి బాపట్లలో దిగాను. దేవుడి పేరు చెప్పి పోలీసు ఆఫీసుకి వెళ్ళిన ఆడదాన్ని మా వంశంలో నేనే అయి ఉంటాను. జిల్లా పోలీసు ఆఫీసులో గుమస్తా నంబరు చూసి, "ఈ ఉదయమే అమృతలూరుకి పంపామమ్మా. ఇక మాది ఏం లేదు" అన్నాడు.

అదే సాయంత్రం ఆ పని అయిపోయింది. అమృతలూరు స్టేషన్లో వినోద్ కుమార్ అని కుర్ర కానిస్టేబుల్ ఉన్నాడు. పాస్‌పోర్టు విచారణలు అతనే చూస్తాడు. ఆ ఊరివాడే, చర్చి వీధిలో ఉండే మార్కుగారి కొడుకు. స్టేషన్ ముందు నీడ లేదని మోటర్‌సైకిల్ పిన్ని పంచలో పెట్టుకుంటాడు. పిన్ని రోజూ ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చేది. అమ్మమ్మా అని పిలుస్తాడు. పిన్ని చేత సంతకం పెట్టించి, గంగాభవానినీ ఇంకొకరినీ సాక్షులుగా అడిగి, ఫోన్‌లో ఫొటో తీసి, అరగంటలో రిపోర్టు పంపించేశాడు.

పాస్‌పోర్టు మే రెండో తేదీన అమృతలూరు పోస్టులో వచ్చింది.

పిన్ని అది పట్టుకుని ఆ మధ్యాహ్నమే ఆటోలో తెనాలి వచ్చింది. ముగ్గురం వెంకటప్పయ్యగారింటికి వెళ్ళాం. ఆయన పుస్తకం చేతిలోకి తీసుకుని, తెరిచి, ఫొటో చూసి, మూసి, తిరిగి ఇచ్చేశారు.

"నిన్న పొద్దున్నే ఢిల్లీ వెళ్ళిపోయాయమ్మా పుస్తకాలు. ముప్పయ్యో తారీకు రాత్రి దాకా చూశాను మీ కోసం."

"వచ్చే ఏడు..." అన్నారు మా ఆయన.

"వచ్చే ఏటికి పిన్నిగారికి డెబ్భై నిండుతాయిగా మాస్టారూ." తర్వాత, ఊరుకోలేక, "పిలుపు రావాలండి. ఆయన పిలవందే ఎవరం వెళ్ళలేం" అన్నారు.

పిన్ని తల ఊపింది. "అవును నాయనా. పిలవలేదు."

నేను ఆ మాటని గట్టిగా పట్టుకున్నాను. శివుడు పెద్ద దేవుడు, విషం మింగినవాడు, నా తప్పు ఆయనకో లెక్కా అనుకున్నాను. నెలరోజులు ఆయన మీదే పెట్టేశాను. పిన్ని ఫోన్ చేసినప్పుడల్లా నేను కూడా, "పిలవలేదులే పిన్నీ" అన్నాను.

మా ఆయన మాత్రం ఆ నెలలో ఒక్కసారి కూడా నన్ను జిల్లాలు అడగలేదు. వంకాయలు తరిగినా అడగలేదు. ఒకరోజు బీరువాలో పిన్ని ఫారం కాపీ వెతుక్కుంటే, అది వేరే అరలో, నీటుగా మడిచి ఉంది. తెరిచి చూశాను. గుంటూరు అన్న చోట ఎర్ర గీత ఉంటుందనుకున్నాను. లేదు. ఆయన చదివారు, దిద్దలేదు. ముప్పై మూడేళ్ళ సర్వీసులో ఆయన దిద్దకుండా వదిలేసిన కాగితం బహుశా అదొక్కటే. అది చూసి నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, నిజం చెప్పాలంటే.

జూన్ పన్నెండున యాత్రవాళ్ళు వెళ్ళిపోయారు. ఆ ఆదివారం మేమిద్దరం అమృతలూరు వెళ్ళాం. పిన్ని వాకిట్లో బియ్యం చెరుగుతోంది. ఉన్ని టోపీ దండెం మీద ఆరేసి ఉంది. పంచలో మోటర్‌సైకిల్ లేదు.

"బండి ఏదీ, వినోద్‌ది?" అన్నాను మాట కోసం.

పిన్ని చాట ఆపలేదు. "ఇక్కడ పెట్టొద్దన్నాను."

"అదేంటి?"

ఎదురింటి అరుగు మీంచి గంగాభవాని అందుకుంది. "పెట్టొద్దనక ఏం చేస్తుందమ్మా? పోలీసు వెరిఫికేషన్ ఆలస్యం, ఆలస్యం అని నువ్వే కదా నెల్లాళ్ళు చెప్పావు. ఈ ఊళ్ళో ఆ పని చూసే పోలీసు ఎవడు? వాడేగా! ఏప్రిల్ ఆఖర్లో వచ్చి ఫొటో తీసుకున్నాడు. నాలుగిళ్ళ అవతల ఉన్నవాడికి నాలుగడుగులు వెయ్యడానికి అన్నాళ్ళా? వాళ్ళ చర్చి యాత్రయితే ఇలాగే చేసేవాడా? ఊరంతా అదే అంటోంది."

"ఊరుకో గంగాభవానీ" అంది పిన్ని. అయితే కాదనలేదు.

పిన్ని ఇంటి అరుగు మీద కూర్చున్నాను. నా నిజమైన మాట, ఒక్క అక్షరం అబద్ధం లేని మాట, నేను లేనప్పుడు ఈ వీధిలో తిరిగి తిరిగి ఒక మనిషి గుమ్మం దగ్గర ఆగింది. శివుడి మీద వేసినప్పుడు ఆయన పట్టించుకోలేదు. ఇది దెబ్బ తగిలేవాడి మీద పడింది.

మా ఆయన నా వైపు చూడలేదు. బియ్యంలో మట్టిబెడ్డ ఒకటి కనపడితే తీసి అవతల పారేశారు.

అప్పుడే వినోద్ కుమార్ వచ్చాడు. డ్యూటీలో లేడు, మామూలు చొక్కా వేసుకున్నాడు. చేతిలో బైబిలు. ఆదివారం ప్రార్థన ముగించుకుని నేరుగా వస్తున్నట్టున్నాడు. గేటు బయటే ఆగాడు.

"అమ్మమ్మా."

పిన్ని తలెత్తలేదు.

"నేను ఏం తప్పు చేశానో చెప్పండి అమ్మమ్మా. మజ్జిగ ఆపేశారు, సరే. బండి తీసెయ్యమన్నారు, తీసేశాను. పోయిన ఆదివారం చర్చి దగ్గర మా నాన్నని ఒకాయన అడిగాడు, మీవాడు లక్ష్మీతిరుపతమ్మగారి యాత్ర ఆపించాడంటగా అని. మా నాన్న ఇంటికొచ్చి అన్నం తినలేదు." జేబులోంచి ఫోన్ తీశాడు. "నాకు మీ ఫైలు ఏప్రిల్ ఇరవై రెండున వచ్చింది. ఇరవై రెండునే పంపించాను. కావాలంటే ఫోన్‌లో చూపిస్తాను. అంతకుముందు ఎక్కడుందో నాకు తెలియదమ్మమ్మా."

"అదే కదయ్యా నీ మాట," అంది గంగాభవాని, "ముందు ఎక్కడుందో నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

స్టేషన్ గంట పదకొండు కొట్టింది. ఆ లిస్టులో లేని స్టేషన్. అన్ని గంటలూ పూర్తయ్యేదాకా ఆగాను. ఆగడానికి ఇంకేమన్నా ఉందేమో అని కూడా చూశాను. లేదు.

"నాకు తెలుసు" అన్నాను.

పిన్ని చేతిలో చాట ఆగింది.

"లోపలికి రా వినోద్. గేటు బయట నిలబడాల్సింది నువ్వు కాదు." లేచి నిలబడ్డాను. కూర్చుని చెప్పే మాట కాదనిపించింది. "గంగాభవానీ, నువ్వు కూడా విను, ఊరికి చెప్పాల్సింది నువ్వే. ఫైలు తెనాలికి వెళ్ళింది. నేనే పంపాను. ఈయన బాపట్ల పెట్టించమని గుమ్మంలో చెప్పారు, నెట్ సెంటరు అబ్బాయి చెప్పాడు, పిన్నీ, నువ్వు కూడా చెప్పావు. ముగ్గురు చెప్పినా నేను గుంటూరే పెట్టించాను. అమృతలూరు స్టేషన్ లిస్టులో లేకపోతే తెనాలి స్టేషన్ పెట్టించాను. మార్చిలోనే తెనాలి పోలీసు నాకు ఫోన్ చేసి, మా పరిధి కాదు, వెంటనే మార్పించుకోండి అన్నాడు. ఈయనకి చెప్పాల్సొస్తుందని పంతొమ్మిది రోజులు నోరు మూసుకున్నాను. ఆ పంతొమ్మిది రోజులే పిన్నీ నీ కైలాసం. శివుడు పిలవకపోవడం కాదు, ఈ అబ్బాయి ఆపడం కాదు. విజయవాడలో ఆ నెట్ సెంటరు మీద చెప్పింది కూడా అబద్ధమే. తప్పు నాది. మొదటినుంచీ నాదే."